ఇంట్రడక్షన్ కాదు, అబ్‌స్ట్రాక్ట్: ఫ్లై యాష్ ప్రాజెక్టును రెండు వందల పదాల్లో చెప్పడం

ప్రశ్న: మాది బీటెక్ సివిల్ ఫైనలియర్, నలుగురం ఒక బ్యాచ్. ఎం25 కాంక్రీటులో సిమెంటుకు బదులు 0, 10, 20, 30 శాతం ఫ్లై యాష్ వేసి క్యూబుల బలం చూశాం. సగటు బలం 7 రోజులకు 24.1, 22.6, 20.3, 16.9, 28 రోజులకు 34.2, 34.9, 33.1, 28.4 మెగాపాస్కల్స్ వచ్చింది. మిక్స్ డిజైన్, క్యూబుల రీడింగులు జతచేశాం. అబ్‌స్ట్రాక్ట్ రెండు వందల పదాల్లో ఉండాలన్నారు. ‘ప్రపంచంలో నీటి తర్వాత ఎక్కువగా వాడే పదార్థం కాంక్రీటు’ అని మొదలుపెట్టి, ఫ్లై యాష్ లాభాలు రాసి, ‘ఫలితాలను విశ్లేషించడమైనది’ అని ముగించాం. గైడ్ సార్ రెండుసార్లు వెనక్కిచ్చారు. ‘ఇది ఇంట్రడక్షన్, అబ్‌స్ట్రాక్ట్ కాదు’ అంటున్నారు. మరి ఎలా రాయాలి? 10 శాతానికి బలం పెరిగింది కదా, దాన్నే హైలైట్ చేయొచ్చా?
– సివిల్ విద్యార్థి, గుంటూరు జిల్లా

సమాధానం: మీ గైడ్ మాట నిజమే. మీరు పంపిన డ్రాఫ్టులో మీ ప్రాజెక్టు పేరు మార్చి పక్క బ్యాచ్ పేరు పెట్టినా ఒక్క వాక్యం కూడా దిద్దాల్సిన పని లేదు. కాంక్రీటు గురించి, ఫ్లై యాష్ గురించి అందరికీ తెలిసినవే ఉన్నాయి. మీరు 24 క్యూబులు పగలగొట్టి తెలుసుకున్నది ఎక్కడా లేదు. ‘ఫలితాలను విశ్లేషించడమైనది’ అంటే విశ్లేషించాక ఏం తేలిందో చెప్పకుండా దాటేయడమే. వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ మొత్తం రిపోర్టు చదవరు. అబ్‌స్ట్రాక్ట్ చూస్తారు, ఫలితాల చాప్టర్లో టేబుళ్లు తిరగేస్తారు, అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడతారు. కాబట్టి ఏం అడిగారు, ఎలా చూశారు, ఎంత వచ్చింది అన్న మూడూ అంకెలతో సహా ఆ ఒక్క పేరాలోనే దొరకాలి.

రాయడం మాత్రం మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టకండి. ఫలితాల టేబుల్ ముందు పెట్టుకుని, అందులోంచి రెండు మూడు వాక్యాలు రాయండి. ఆ ఫలితాలు నిలబడటానికి ఏ వివరాలు కావాలో అవే పద్ధతిలోకి వస్తాయి. ఆ ఫలితాలు ఏ ప్రశ్నకు జవాబో అదే మీ సమస్య. ఇలా వెనక నుంచి వస్తే ఉపోద్ఘాతం రాసే అవకాశమే ఉండదు. రెండు వందల పదాల్లో సుమారుగా 40 సమస్యకు, 60 పద్ధతికి, 70 ఫలితాలకు, మిగిలిన 30 ముగింపుకు సరిపోతాయి. మీ డ్రాఫ్టులో సగానికి పైగా పదాలు సమస్య దగ్గరే ఖర్చైపోయాయి.

ఇక మీ టేబుల్ ఏం చెబుతోందో చూద్దాం. ఎం25కి ఐఎస్ 10262 ప్రకారం స్టాండర్డ్ డీవియేషన్ 4 తీసుకుని మీరు లెక్కకట్టిన టార్గెట్ మీన్ స్ట్రెంగ్త్ 25 + 1.65 × 4, అంటే 31.6 మెగాపాస్కల్స్. మీ అబ్‌స్ట్రాక్ట్‌కు ఇదే గీటురాయి. 28 రోజుల వరుసను దీని పక్కన పెట్టండి. 0, 10, 20 శాతం మిక్సులు మూడూ దాటాయి, 30 శాతం మిక్స్ 28.4 దగ్గర ఆగిపోయింది. అంటే మీరు పరీక్షించిన మోతాదుల్లో టార్గెట్ అందుకున్న వాటిలో పెద్దది 20 శాతం. మీ ప్రాజెక్టు మొత్తానికి జవాబు ఈ ఒక్క వాక్యమే.

ఇక్కడ చాలా బ్యాచ్‌లు రెండు తప్పులు చేస్తాయి. ఒకటి, ‘28.4 కూడా 25 కంటే ఎక్కువే కదా, 30 శాతం కూడా ఎం25కి పనికొస్తుంది’ అని రాయడం. 25 అనేది క్యారెక్టరిస్టిక్ స్ట్రెంగ్త్. వంద ఫలితాల్లో అయిదుకు మించి దానికంటే కిందకు పోకూడదని దాని అర్థం. ఆ భరోసా కోసమే సగటు 31.6 ఉండేలా డిజైన్ చేశారు. మూడు క్యూబుల సగటు 25 దాటినంత మాత్రాన మిక్స్ నెగ్గినట్టు కాదు. రెండోది, ‘20 శాతం ఆప్టిమమ్’ అని రాయడం. మీరు పదేసి శాతం దూరంలో నాలుగు చోట్లే చూశారు. 22 దగ్గరో 25 దగ్గరో ఏముందో మీ దగ్గర రీడింగ్ లేదు. పైగా ఆప్టిమమ్ అంటే ఏ లెక్కన? 28 రోజుల బలం లెక్కనైతే మీ టేబుల్లో పైన ఉన్నది 10 శాతం. అందుకే ‘పరీక్షించిన మోతాదుల్లో గరిష్ఠం’ అని రాయండి. ఆ మాటను ఎవరూ కొట్టిపారేయలేరు.

మీరు అడిగిన 10 శాతం సంగతికి వస్తే, హైలైట్ చేయొద్దు. సగటు 34.2 నుంచి 34.9కి పెరిగింది, అంటే 2 శాతం. సగటును పక్కన పెట్టి మీరు జతచేసిన విడి రీడింగులు చూడండి. ఫ్లై యాష్ లేని మిక్స్ క్యూబులు 33.0, 34.1, 35.5. పది శాతం మిక్స్ క్యూబులు 33.2, 34.8, 36.7. ఒకే మిక్స్‌తో ఒకే రోజు పోసిన మూడు క్యూబుల మధ్యే 3.5 తేడా ఉంటే, రెండు సగటుల మధ్య వచ్చిన 0.7ను ఫ్లై యాష్ ఖాతాలో ఎలా వేస్తాం? ట్యాంపింగ్‌లో హెచ్చుతగ్గులు, మెషీన్‌లో క్యూబు కాస్త పక్కకు జరగడం, లోడింగ్ రేటు మారడం, వీటిలో ఏదైనా అంత తేడా తెస్తుంది. ‘10 శాతం వద్ద బలం కంట్రోల్ మిక్స్‌తో దాదాపు సమానం’ అని రాస్తే చాలు. ‘2 శాతం పెరిగింది’ అని రాస్తే, ఎక్స్‌టర్నల్ మొదట అడిగేది విడి క్యూబుల విలువలే.

మీ ఫలితాల్లో నిజంగా పట్టించుకోవాల్సింది, మీ డ్రాఫ్టులో ఒక్క మాట కూడా లేనిది 7 రోజుల వరుస. 20 శాతం మిక్స్ 28 రోజులకు కంట్రోల్ కంటే 3 శాతమే తక్కువ, కానీ 7 రోజులకు 16 శాతం తక్కువ. 30 శాతం మిక్స్ 7 రోజులకు ఏకంగా 30 శాతం వెనకబడింది. కారణం మీ చాప్టర్లో రాసే ఉంటారు: సిమెంటు నీటితో కలిసినప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో ఫ్లై యాష్ చర్య జరపాలి, ఆ చర్య నెమ్మది. తొలి వారంలో ఫ్లై యాష్ చాలావరకు ఊరికే కూర్చున్నట్టే, సిమెంటు మాత్రం తగ్గిపోయింది. సైటులో దీని అర్థం, 28 రోజుల బలం సరిపోయినా సెంట్రింగ్ విప్పే రోజును మామూలు కాంక్రీటు లెక్కన నిర్ణయించకూడదని. అబ్‌స్ట్రాక్ట్‌లో కారణం వివరించేంత చోటు ఉండదు. తొలి బలం తగ్గిందన్న అంకె మాత్రం తప్పకుండా ఉండాలి. మంచి ఫలితం చెప్పి దాని పక్కనున్న ఇబ్బందిని దాచిన అబ్‌స్ట్రాక్ట్ చదివినవాళ్లను తప్పుదోవ పట్టిస్తుంది.

పద్ధతి దగ్గర జాగ్రత్త ఒక్కటే: ఏది లేకపోతే మీ అంకెలకు అర్థం మారుతుందో అదే ఉంచండి. మొదటిది సిమెంటు రకం. మీరు వాడింది 53 గ్రేడ్ ఓపీసీ. ‘సిమెంటు’ అని మాత్రమే రాసి వదిలేస్తే చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది, ఎందుకంటే బజారులో దొరికే పీపీసీలో ఫ్యాక్టరీలోనే 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ కలిపి ఉంటుంది. అది వాడి ఉంటే మీ ‘0 శాతం’ సున్నా కాదు, మొత్తం టేబుల్ పనికిరాకుండా పోతుంది. రెండోది, శాతం దేనిలో అన్నది. ‘20 శాతం ఫ్లై యాష్ కలిపాం’ అంటే సిమెంటుకు బదులా, సిమెంటుకు అదనంగానా? బరువులోనా, పరిమాణంలోనా? ‘సిమెంటు బరువులో 20 శాతం బదులుగా’ అనండి. మూడోది, నీరు. నాలుగు మిక్సుల్లోనూ నీరు–బైండర్ నిష్పత్తి 0.45 దగ్గరే ఉంచారు కాబట్టి బలంలో తేడాకు నీరు కారణం కాదు. ఇది ఒక్క ముక్కలో చెప్పాలి. నాలుగోది, ఎన్ని క్యూబులు, ఏ వయసులో. నాలుగు మిక్సులు, రెండు వయసులు, ఒక్కోదానికి మూడు, మొత్తం 24.

సీవ్ అనాలిసిస్, స్పెసిఫిక్ గ్రావిటీ, సిమెంటు సెట్టింగ్ టైమ్, మెషీన్ కెపాసిటీ, క్యూబు అచ్చులకు నూనె రాయడం, ఇవన్నీ మూడో చాప్టర్ సరుకు. వాటికి వారాలు పట్టి ఉండొచ్చు, కష్టపడి చేసినది వదిలేయడానికి మనసు ఒప్పకపోవచ్చు. కానీ అబ్‌స్ట్రాక్ట్ పడిన శ్రమకు లెక్క చెప్పే చోటు కాదు. స్లంప్ ఒక్కటి ఉంచండి. 70 నుంచి 95 మి.మీ.కి పెరిగింది, నీరు పెంచకుండానే పెరిగింది కాబట్టి అదొక ఫలితమే.

సమస్యకు రెండు వాక్యాలు చాలు. ‘సిమెంటు తయారీ వల్ల కాలుష్యం’ నుంచి మొదలుపెడితే మీ 24 క్యూబుల దగ్గరకు రావడానికి నాలుగు వాక్యాలు నడవాలి. మీ టేబుల్ జవాబిస్తున్న ప్రశ్నే సూటిగా పెట్టండి: ఈ ఫ్లై యాష్‌తో సిమెంటు ఎంతవరకు తగ్గించొచ్చు, 28 రోజులకు ఎం25 టార్గెట్ తప్పకుండా? ఈ ప్రశ్నకు ముందే జవాబు ఎందుకు లేదంటే, బూడిద గుణం ప్లాంటును బట్టి, బొగ్గును బట్టి మారుతుంది. ఎక్కడో ఎవరో ఇచ్చిన శాతం మన దగ్గర దొరికే బూడిదకు అలాగే వర్తించదు. ప్రాజెక్టు ఎందుకు చేయాల్సి వచ్చిందో అంతటితో తేలిపోతుంది.

మీ రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వాలి. అయినా ముందు తెలుగులో విషయం కుదిరితే ఇంగ్లీషు చేయడం తేలిక. మీ అంకెలతో పేరా ఇలా ఉంటుంది:

‘ఫ్లై యాష్ గుణం తయారైన చోటును బట్టి మారుతుంది కాబట్టి, కాంక్రీటు బలం తగ్గకుండా దానితో ఎంత సిమెంటును భర్తీ చేయవచ్చో స్థానికంగానే తేల్చుకోవాలి. స్థానికంగా దొరికే ఫ్లై యాష్‌తో, 28 రోజులకు ఎం25 టార్గెట్ మీన్ స్ట్రెంగ్త్ 31.6 మెగాపాస్కల్స్ అందుకునే గరిష్ఠ భర్తీని కనుగొనడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. ఘనపు మీటరుకు 380 కిలోల 53 గ్రేడ్ ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటు, 0.45 నీరు–బైండర్ నిష్పత్తితో ఐఎస్ 10262 ప్రకారం కంట్రోల్ మిక్స్ డిజైన్ చేశాం. నిష్పత్తి మార్చకుండా, సిమెంటు బరువులో 10, 20, 30 శాతాన్ని ఫ్లై యాష్‌తో భర్తీ చేశాం. ఒక్కో మిక్స్‌కు ఒక్కో వయసుకు మూడు చొప్పున 150 మి.మీ. క్యూబులు 24 పోసి, నీటిలో క్యూరింగ్ చేసి, ఐఎస్ 516 ప్రకారం 7, 28 రోజులకు పరీక్షించాం. 0, 10, 20, 30 శాతం మిక్సుల 28 రోజుల సగటు బలం వరుసగా 34.2, 34.9, 33.1, 28.4 మెగాపాస్కల్స్. 10 శాతం వద్ద బలం కంట్రోల్‌తో దాదాపు సమానం. 20 శాతం వద్ద 3 శాతం తగ్గినా టార్గెట్‌కు పైనే ఉంది. 30 శాతం మిక్స్ టార్గెట్ అందుకోలేదు. 7 రోజుల బలం మాత్రం 20 శాతం వద్ద 16 శాతం, 30 శాతం వద్ద 30 శాతం తగ్గింది. స్లంప్ 70 నుంచి 95 మి.మీ.కి పెరిగింది. పరీక్షించిన మోతాదుల్లో ఎం25కి సరిపోయిన గరిష్ఠ భర్తీ 20 శాతం. దీనివల్ల ఘనపు మీటరుకు 76 కిలోల సిమెంటు తగ్గుతుంది. తొలి రోజుల బలం ముఖ్యమైన పనుల్లో దీన్ని జాగ్రత్తగా వాడాలి. 28 రోజుల తర్వాతి బలాన్ని, మన్నికను పరీక్షించలేదు.’

తెలుగులో పదాలు అతుక్కుపోతాయి కాబట్టి లెక్క తక్కువగా కనిపిస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఇది రెండు వందల దగ్గరకు చేరుతుంది, కాస్త దాటినా దాటొచ్చు. దాటితే నాలుగు సగటుల వరుసను ముట్టుకోకండి, స్లంప్ వాక్యం తీసేయండి.

మీ డ్రాఫ్టు చివర ఉన్న మూడు మాటలు ఇందులో ఎందుకు లేవో కూడా చెప్పాలి. ‘మన్నిక పెరుగుతుంది’ అన్నారు. యాసిడ్ పరీక్ష గానీ, క్లోరైడ్ పరీక్ష గానీ మీరు చేయలేదు. పుస్తకాల్లో ఉన్న మాట సాహిత్య సమీక్ష చాప్టర్లో ఉండొచ్చు, మీ ఫలితంగా రాకూడదు. ‘ఖర్చు గణనీయంగా తగ్గుతుంది’ అన్నారు. రవాణా కలిపి రేటు వేసిన టేబుల్ రిపోర్టులో ఉంటే అందులోని రూపాయల అంకె రాయండి, లేకపోతే వద్దు. 76 కిలోల సిమెంటు మాట అలాంటిది కాదు, 380లో 20 శాతం అని ఎవరైనా లెక్కకట్టి చూసుకోవచ్చు. ‘కార్బన్ ఉద్గారాలు తగ్గుతాయి’ అన్నదీ మన్నిక లాంటిదే.

పొడుగు తగ్గించడానికి వాక్యాలు తీసేయడం ఆఖరి పని, ముందు వాక్యంలోని ఊక తీయండి. మీ డ్రాఫ్టులోని ఈ వాక్యం చూడండి: ‘ఈ ప్రాజెక్టులో భాగంగా కాంక్రీటు క్యూబులను తయారుచేసి, వాటిని నీటిలో క్యూరింగ్ చేసి, అనంతరం కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్‌లో ఉంచి వాటి బలాన్ని పరీక్షించడం జరిగింది.’ ఇంత చెప్పినా ఎన్ని క్యూబులో, ఎన్ని రోజులకో తెలియలేదు. పై పేరాలో దానికి బదులున్న వాక్యం అంతకు మించి పెద్దదేమీ కాదు, కానీ సంఖ్య, సైజు, వయసులు, కోడ్ అన్నీ అందులోకి వచ్చేశాయి. ‘ఈ ప్రాజెక్టులో భాగంగా’, ‘పరీక్షించడం జరిగింది’ లాంటివి ఇంగ్లీషులోనూ ఉంటాయి: ‘యాన్ అటెంప్ట్ హాజ్ బీన్ మేడ్ టు స్టడీ’ అన్నది అలాంటిదే. ఏడు పదాలు పోయాయి, విషయం ఇంకా మొదలే కాలేదు.

కాలం విషయంలో ఒక తప్పు దాదాపు ప్రతి బ్యాచ్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. జీరో రివ్యూకు ఇచ్చిన అబ్‌స్ట్రాక్ట్‌నే తెచ్చి ఫైనల్ రిపోర్టులో అతికిస్తారు. అప్పటికి పని జరగలేదు కాబట్టి ‘క్యూబ్స్ విల్ బి కాస్ట్’ అని ఉంటుంది. క్యూబులు పగిలి ముక్కలై బయట పడి ఉన్నా అబ్‌స్ట్రాక్ట్ మాత్రం ఇంకా పోస్తామనే అంటుంది. చేసిన పనికీ, వచ్చిన అంకెలకూ భూతకాలం వాడండి. ‘20 శాతం సరిపోతుంది’ లాంటి ముగింపు మాటకు మాత్రం వర్తమానం. ఫైలులో ‘విల్’ అన్న పదం వెతికితే ఇలాంటివి నిమిషంలో దొరుకుతాయి.

మిగిలినవి చిన్నవి. ఒకే పేరా, ఒకే పేజీ. టేబుల్, బొమ్మ, రిఫరెన్స్ నంబరు ఉండకూడదు. ఓపీసీ లాంటి పొడి అక్షరాలు మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి పేరు రాయండి. కింద నాలుగైదు కీవర్డ్స్ ఇవ్వమంటే ఫ్లై యాష్, సిమెంటు భర్తీ, ఎం25 కాంక్రీటు, కంప్రెసివ్ స్ట్రెంగ్త్, తొలి బలం ఇవ్వండి. ‘సివిల్ ఇంజినీరింగ్’ అని ఇస్తే దానితో వెతికి మీ రిపోర్టును ఎవరూ పట్టుకోలేరు.

ప్రింటుకు ఇచ్చే ముందు నలుగురిలో ఒకరు అబ్‌స్ట్రాక్ట్ చదువుతుంటే ఇంకొకరు ఫలితాల చాప్టర్ టేబుల్ మీద వేలు పెట్టి సరిచూడండి. మొదటి డ్రాఫ్టు రాశాక ఒక క్యూబు రీడింగ్ దిద్ది సగటు మారుస్తారు, అబ్‌స్ట్రాక్ట్‌లో పాత అంకె అలాగే ఉండిపోతుంది. శాతాలు కూడా మళ్లీ లెక్కకట్టండి: 24.1 నుంచి 20.3కి తగ్గుదల 3.8, దాన్ని 24.1తో భాగిస్తే 15.8 శాతం. కొందరు కింది అంకె 20.3తో భాగించి 18.7 శాతం అని రాస్తారు. టేబుల్లో 15.8 అని ఉంటే అబ్‌స్ట్రాక్ట్‌లో 16 అని సర్దొచ్చు, అప్పుడు పక్కనున్న 29.9ని కూడా 30 చేయాలి. ఒకటి దశాంశంతో, ఒకటి లేకుండా ఉంచకండి.